రేటు పట్టికలో మీ వరస ఏది?

గాజువాకలోనో, కాకినాడ భానుగుడి సెంటర్లోనో గోడల మీద ఒక రకం పోస్టర్లు కనిపిస్తుంటాయి. ఎన్‌డీటీ లెవెల్ 2 అయిదు మెథడ్లు, క్యూఏ-క్యూసీ, పైపింగ్, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్, పైన సిక్స్ సిగ్మా గ్రీన్ బెల్ట్, ఐఎస్ఓ 9001 లీడ్ ఆడిటర్... అన్నీ ఒకే ప్యాకేజీ. కొన్ని వారాల్లో కోర్సు, ఆ తర్వాత గల్ఫ్. డిప్లొమాయో బీటెకో అయిన పిల్లవాణ్ని వెంటబెట్టుకుని తండ్రి లోపలికి వెళ్తాడు. ‘ఇందులో ఏది చేస్తే ఉద్యోగం వస్తుందండీ?’ అని అడుగుతాడు. అన్నీ చేస్తే మంచిదని కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లు చెబుతారు. వాళ్లు అమ్మేది అన్నీ కాబట్టి ఆ జవాబులో ఆశ్చర్యం లేదు.

ఆ ప్రశ్నకు సరైన జవాబు ఇన్‌స్టిట్యూట్‌లో దొరకదు. ఉద్యోగం ఇచ్చే కంపెనీ హెచ్ఆర్ దగ్గర కూడా సగమే దొరుకుతుంది. ఆ కంపెనీ తన క్లయింటుతో చేసుకున్న కాంట్రాక్టు వెనక, అనుబంధాల్లో, సిబ్బంది అర్హతల పట్టిక ఒకటి ఉంటుంది. అసలు జవాబు అక్కడ ఉంటుంది.

డబ్బు ఎలా నడుస్తుందో ముందు చూడాలి. ఒక రిఫైనరీలో కొత్త పైపులైన్లు వేస్తున్నారనుకుందాం. రిఫైనరీ ఆ పని ఒక కాంట్రాక్టరుకు ఇస్తుంది. కాంట్రాక్టరు వెల్డింగ్ చేయిస్తాడు, తన క్యూసీ మనుషుల చేత చూపిస్తాడు. వాళ్ల మీద మళ్లీ ఒక కన్ను వేయడానికి రిఫైనరీ థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ కంపెనీని పెట్టుకుంటుంది. సైట్లో అందరూ టీపీఐ అనేది వీళ్లనే. టీపీఐకి డబ్బు సాధారణంగా మేన్‌డే లెక్కన వస్తుంది, అంటే ఒక మనిషి ఒక రోజు సైట్లో ఉన్నందుకు ఇంత అని. ఆ రేటు మనిషిని బట్టి మారుతుంది. పట్టికలో ఒక వరసలో ‘వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, ఫలానా సర్టిఫికెట్, ఇన్నేళ్ల అనుభవం’ అని ఉంటుంది. ఇంకో వరసలో ‘ఎన్‌డీటీ ఇన్‌స్పెక్టర్, లెవెల్ 2’ అని, మరో వరసలో ‘జూనియర్ ఇన్‌స్పెక్టర్’ అని ఉంటుంది. ఒక్కో వరసకు ఒక్కో రేటు.

మీ దగ్గరున్న కాగితం మిమ్మల్ని కింది వరస నుంచి పై వరసకు చేరిస్తే, మీ మీద మీ యజమానికి వచ్చే బిల్లు పెరుగుతుంది. అందులో కొంత మీకు జీతంగా వస్తుంది. పట్టికలో పేరే లేని కాగితం ఎంత గొప్పదైనా ఆ బిల్లు మారదు. హెచ్ఆర్ మేనేజర్ మెచ్చుకుంటాడు, ఫైల్లో పెడతాడు, అంతే. కాంట్రాక్టరు వైపు ఇంకో లెక్క కూడా నడుస్తుంది. చాలా ప్రభుత్వ రంగ టెండర్లలో, చెప్పిన అర్హత ఉన్న మనిషిని చెప్పినన్ని రోజులు సైట్లో ఉంచకపోతే మనిషికి ఇంత చొప్పున కోత పెడతామని రాసి ఉంటుంది. అలాంటి చోట సర్టిఫికెట్ ఉన్నవాడు దొరక్కపోవడమే కాంట్రాక్టరుకు నష్టం. అప్పుడు అతను బేరమాడడు.

ఈ పట్టికలు రహస్య పత్రాలేమీ కావు. కేంద్ర ప్రభుత్వ సంస్థల టెండర్లు eprocure.gov.in లో ఎవరైనా చూడొచ్చు. చమురు కంపెనీలకు సొంత టెండర్ పోర్టళ్లు కూడా ఉన్నాయి. మీకు కావలసిన పని పేరుతో, అంటే పైపింగ్, ట్యాంకులు, షట్‌డౌన్ పనులు, థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ లాంటి మాటలతో వెతికి, పత్రం దింపుకుని, తిన్నగా వెనక్కి వెళ్లండి. ‘కీ పర్సనల్’ అనో, ‘డిప్లాయ్‌మెంట్ ఆఫ్ సూపర్వైజరీ పర్సనల్’ అనో ఒక అనుబంధం ఉంటుంది. ఉద్యోగ ప్రకటనలు చదవడం కన్నా ఇది చదవడం మేలు. ప్రకటనలో హెచ్ఆర్ వాళ్లు తోచినవన్నీ రాస్తారు, టెండర్లో మాత్రం డబ్బు కట్టేవాడు తనకు అవసరమైనవే రాస్తాడు. ప్రకటనే చదవాల్సి వస్తే ‘మస్ట్’, ‘మాండేటరీ’ అన్న చోట రాసిన పేర్లను విడిగా రాసుకోండి. ‘ప్రిఫర్డ్’, ‘యాడెడ్ అడ్వాంటేజ్’ అన్న మాటల పక్కనున్న వాటికి జేబులోంచి డబ్బు తీయనక్కర్లేదు.

ఇలా పట్టికలు చదివినవాళ్లకు ఎక్కువగా కనిపించే పేరు ఎన్‌డీటీ లెవెల్ 2. అంటే ఇన్‌స్టిట్యూట్ చెప్పింది నిజమేగా అనిపిస్తుంది. ఇక్కడే అసలు మెలిక ఉంది.

ఎన్‌డీటీ అంటే వస్తువును పాడుచేయకుండా దాని లోపాలు పట్టే పరీక్షలు. రంగు ద్రవం పూసి పైపగుళ్లు చూసేది పీటీ, సైట్లో డీపీ టెస్ట్ అంటారు. అయస్కాంతంతో చూసేది ఎంటీ, ధ్వని తరంగాలతో లోపల చూసేది యూటీ, రేడియేషన్‌తో ఫిల్మ్ తీసేది ఆర్‌టీ. వీటిని చేసే మనిషికి అర్హత ఎలా ఇవ్వాలో చెప్పే పత్రాల్లో మన దగ్గరా గల్ఫ్‌లోనూ బాగా వాడుకలో ఉన్నది ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ. అమెరికాలోని ఏఎస్ఎన్‌టీ అనే సంఘం దీన్ని ప్రచురిస్తుంది. దీని పద్ధతిలో లెవెల్ 2 సర్టిఫికెట్ ఇచ్చేది ఏఎస్ఎన్‌టీ కాదు, ఇన్‌స్టిట్యూట్ కూడా కాదు. ఇచ్చేది యజమాని. ప్రతి కంపెనీ ‘రిటెన్ ప్రాక్టీస్’ అనే పత్రం ఒకటి తయారు చేసుకోవాలి. మా దగ్గర ఏ మెథడ్‌కు ఎన్ని గంటల శిక్షణ, ఎన్ని గంటల అనుభవం, ఏ పరీక్షలు అన్నది అందులో రాసుకోవాలి. దాని ప్రకారం కంపెనీ లెవెల్ 3 నిపుణుడు పరీక్ష పెడతాడు, కంపెనీ సర్టిఫై చేస్తుంది. మనిషి ఆ కంపెనీ వదిలేస్తే ఆ సర్టిఫికేషన్ కూడా అక్కడితో ముగిసినట్టే. కొత్త కంపెనీ తన రిటెన్ ప్రాక్టీస్ ప్రకారం మళ్లీ సర్టిఫై చేసుకోవాలి.

మరి ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం ఏమిటి? నిజాయితీగా చెప్పాలంటే అది శిక్షణ గంటలకు, రాసిన పరీక్షలకు రుజువు. అనుభవం గంటలు అందులో ఉండవు. ఉండే వీలు లేదు కూడా. యూటీ లెక్క చూడండి. ఎస్ఎన్‌టీ-టీసీ-1ఏ సిఫారసు చేసిన అనుభవం లెవెల్ 1కి 210 గంటలు, ఆ పైన లెవెల్ 2కి 630 గంటలు. రెండూ కలిపితే 840 గంటలు. ఇవి యూటీ పని చేసిన గంటలు, క్లాసులో కూర్చున్నవి కావు. యూటీ చేసే ఏజెన్సీలో రోజుకు అయిదు గంటలు నిజంగా ప్రోబ్ పట్టుకునే అవకాశం దొరికిందనుకున్నా 168 పనిదినాలు పడుతుంది. నెలకు 24 రోజుల చొప్పున ఏడు నెలలు. అన్నిటికన్నా సులువైన పీటీకి కూడా 70, 140 కలిపి 210 గంటలు, అదే వేగంతో 42 రోజులు. రెండు వారాల్లో అయిదు మెథడ్లలో లెవెల్ 2 అన్న కాగితాన్ని క్లయింటు ఇన్‌స్పెక్టర్ చూశాడంటే మొదట అడిగేది ఈ గంటల రికార్డే. రికార్డు లేకపోతే సీవీ వెనక్కి వస్తుంది. మోసమని ఎవరూ కేకలు వేయరు. ‘నాట్ అప్రూవ్డ్’ అని రెండు మాటలు రాసి పంపిస్తారు. అందువల్లే ఇలా ఎంతమంది వెనక్కి వచ్చారో బయటికి తెలియదు.

ఆ కాగితం కొనేముందు మూడు సంగతులు అడగొచ్చు. ఎవరి రిటెన్ ప్రాక్టీస్ కింద ఇస్తున్నారు? సంతకం పెట్టే లెవెల్ 3 పేరూ నంబరూ ఏమిటి? నా అనుభవం గంటలు ఎక్కడ నమోదవుతాయి? మూడో ప్రశ్నకు ‘మేం చూసుకుంటాంలే’ అన్న జవాబు వస్తే, లేని గంటలు రాసిస్తారని అర్థం. దొంగ గంటల కాగితం మీద సంతకం వాళ్లది కావచ్చు. సైట్లో దొరికిపోయేది మాత్రం మీరు.

యజమానితో ముడిపడని దారి కూడా ఉంది. ఐఎస్ఓ 9712 పద్ధతిలో స్వతంత్ర సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, కంపెనీ మారినా అది వెంట వస్తుంది. మన దేశంలో చెన్నై కేంద్రంగా పనిచేసే ఐఎస్ఎన్‌టీ ఇలాంటి పరీక్షలు నిర్వహిస్తుంది. వీటికి కూడా అనుభవం చూపాలి. ఇక ఆర్‌టీ సంగతి పూర్తిగా వేరు. ఇరిడియం-192 లాంటి రేడియోధార్మిక సోర్సును ముట్టుకోవాలంటే లెవెల్ 2 కాగితం చాలదు. అణుశక్తి నియంత్రణ బోర్డు గుర్తించిన రేడియోగ్రఫీ, రేడియేషన్ భద్రతా శిక్షణలో పాసై ఉండాలి. అడిగేది చట్టం కాబట్టి ఆ శిక్షణ ఉన్నవాళ్లకు గిరాకీ ఎప్పుడూ తగ్గదు. రేడియోగ్రఫీ రాత్రిపూట పని, సైట్ ఖాళీ అయ్యాక చేసే పని అని కూడా తెలుసుకుని దిగాలి.

పట్టికల్లో రెండో పేరు సీస్విప్ 3.1. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ దగ్గరున్న టీడబ్ల్యూఐ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లకు పెట్టే పరీక్ష ఇది. దానికి అమెరికన్ జోడీ ఏడబ్ల్యూఎస్ వారి సీడబ్ల్యూఐ. గల్ఫ్ ప్రాజెక్టుల స్పెసిఫికేషన్లలో చాలాసార్లు ‘సీస్విప్ 3.1 లేదా సీడబ్ల్యూఐ’ అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. బ్రిటిష్, ఐరోపా పద్ధతుల్లో నడిచే చోట మొదటిది, అమెరికన్ కంపెనీల దగ్గర రెండోది ఎక్కువ చలామణీ అవుతాయి. ఒకటి ఉంటే రెండోదాని కోసం వెంటనే పరుగెత్తక్కర్లేదు.

ఈ సర్టిఫికెట్‌కు విలువ ఎక్కువగా కట్టడానికి కారణం పరీక్షలోనే ఉంది. సిద్ధాంతం ప్రశ్నలు చదివి దాటొచ్చు. ప్రాక్టికల్ అలా కాదు. లోపాలున్న వెల్డింగ్ ప్లేటు, పైపు ముందు పెడతారు. గేజ్, టేపు, టార్చి పట్టుకుని ఏ లోపం ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంత లోతు అని కొలిచి గీసి, ఇచ్చిన ప్రమాణం ప్రకారం ఒప్పుకోవచ్చా లేదా తేల్చాలి. షాపులో వందల జాయింట్లు చూసినవాడికి చెయ్యి తిరుగుతుంది, చూడనివాడికి మిల్లీమీటర్లు కుదరవు. 3.1కి నేరుగా వెళ్లాలంటే ఇన్‌స్పెక్షన్‌కు సంబంధించిన పనిలో మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ అనుభవాన్ని యజమాని ధ్రువీకరించాలి. సర్టిఫికెట్ అయిదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి.

డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఇన్‌స్టిట్యూట్లు తరచూ చెప్పనిది. కళ్ల పరీక్ష. ఎన్‌డీటీకైనా వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్‌కైనా దగ్గరి చూపు చాలా సన్నని అక్షరాలు చదివేంత ఉండాలి, అద్దాలు పెట్టుకుని అయినా సరే. రంగుల తేడా కూడా తెలియాలి. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా కనపడని కుర్రాళ్లు అది తెలియకుండానే పెరిగి పెద్దవుతారు. కంటి డాక్టరు దగ్గర అరగంటలో తేలిపోయే విషయం ఫీజు కట్టాక తేలితే ఆ డబ్బు తిరిగి రాదు.

ఇక ప్యాకేజీలో మిగిలినవి సిక్స్ సిగ్మా, లీడ్ ఆడిటర్. ఇవి పనికిరానివి కావు, వేరే ఊరి బస్సులు. సిక్స్ సిగ్మా 1980లలో మోటరోలాలో పుట్టింది. 1990లలో జీఈ కంపెనీ దాన్ని తలకెత్తుకుని, మేనేజర్ల ప్రమోషన్‌కు గ్రీన్ బెల్ట్ శిక్షణను షరతుగా పెట్టింది. ఇప్పటికీ దీనికి విలువ కట్టేది అలాంటి చోట్లే. పెద్ద ఆపరేషన్లు నడిపే బీపీవోలు, బ్యాంకుల బ్యాక్ ఆఫీసులు, తయారీ కంపెనీలు తమ ఉద్యోగులకు లోపల ప్రాజెక్టు ఇచ్చి, ఎంత ఆదా అయిందో ఫైనాన్స్ విభాగం చేత ఒప్పించి బెల్ట్ ఇస్తాయి. బయట బెల్టులు ఇచ్చే అధికారం ఎవరికీ ప్రత్యేకంగా లేదు, ఎవరైనా అచ్చు వేయొచ్చు. ఏఎస్‌క్యూ లాంటి సంస్థ బ్లాక్ బెల్ట్‌కు పూర్తి చేసిన ప్రాజెక్టులకు ప్రమాణ పత్రం అడుగుతుంది కాబట్టి దానికి కాస్త బరువు. ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో లోపం శాతం ఎంత నుంచి ఎంతకు తగ్గింది?’ అంటే చెప్పడానికి ఏమీ లేనివాడి బెల్ట్ నడుముకు కట్టుకోవడానికి కూడా పనికిరాదు.

లీడ్ ఆడిటర్ కోర్సు అయిదు రోజులు. అది కోర్సు పాసైన కాగితమే, ఆడిటర్‌గా రిజిస్టర్ అయినట్టు కాదు. సర్టిఫికేషన్ సంస్థలు ఆడిటర్‌ను తీసుకునేటప్పుడు ఏ పరిశ్రమలో ఎన్నేళ్లు పనిచేశాడు, ఎన్ని ఆడిట్ రోజులు చేశాడు అని చూస్తాయి. నలభై దాటిన క్యూఏ మేనేజర్ చేతిలో ఆ కోర్సు డబ్బు తెస్తుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి తేదు.

హైదరాబాద్ ఫార్మాలో క్వాలిటీ పని వెతుక్కునేవాళ్లకు పట్టిక ఇంకోలా ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ నిబంధనల్లో సిబ్బందికి తగిన చదువు, శిక్షణ, అనుభవం ఉండాలనే ఉంది, ఫలానా సర్టిఫికెట్ అని లేదు. మన డ్రగ్స్ రూల్స్ కింద మాత్రం తయారీని, పరీక్షలను లైసెన్సింగ్ అధికారి ఆమోదించిన సాంకేతిక సిబ్బంది పర్యవేక్షించాలి. ‘అప్రూవ్డ్ కెమిస్ట్’ అని ప్రకటనల్లో కనిపించేది ఆ ఆమోదమే. అది కోర్సుతో రాదు, డిగ్రీ మీద ఏళ్ల ప్లాంటు అనుభవంతో వస్తుంది. ఫార్మా క్యూఏలో జీతం పెంచేది ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్‌ను దగ్గరుండి ఎదుర్కొన్న అనుభవం. అక్కడ గ్రీన్ బెల్ట్ ఉందా అని ఎవరూ అడగరు.

ఫైనాన్స్‌లో పట్టిక రాసేది చాలాసార్లు చట్టమే. కంపెనీ ఆడిట్ మీద చార్టర్డ్ అకౌంటెంటే సంతకం పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. కాస్ట్ ఆడిట్ కాస్ట్ అకౌంటెంటు చేయాలి. ఆ కాస్ట్ అకౌంటెంటు మన ఇన్‌స్టిట్యూట్ సీఎంఏ. అమెరికా సంస్థ ఇచ్చే సీఎంఏకి అవే మూడక్షరాలున్నా ఇక్కడ ఆ సంతకం చెల్లదు. దాన్ని బహుళజాతి కంపెనీల బడ్జెట్, విశ్లేషణ విభాగాల్లో చూస్తారు. హైదరాబాద్‌లో అమెరికా పన్నుల పని చేసే ఆఫీసుల్లో ఎన్‌రోల్డ్ ఏజెంట్‌కు విలువ ఉండటానికి కూడా కారణం ఇదే. అక్కడి పన్నుల శాఖ ముందు ఖాతాదారు తరఫున నిలబడే హక్కు ఆ పరీక్ష ఇస్తుంది. అకౌంట్స్ పేయబుల్‌లో బిల్లులు పాస్ చేసే ఉద్యోగికి సీఎఫ్ఏ మొదటి లెవెల్ అలాంటి హక్కేమీ ఇవ్వదు. ఈక్విటీ రీసెర్చ్‌లోకి, ఫండ్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లాలనుకునేవాడికే అది తలుపు తడుతుంది.

తప్పనిసరి అయినంత మాత్రాన జీతం పెరగదన్నది కూడా ఫైనాన్స్‌లోనే స్పష్టంగా కనిపిస్తుంది. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్ఐఎస్ఎమ్ పరీక్ష పాసవ్వాలి, లేకపోతే ఆ సీట్లో కూర్చోనివ్వరు. కానీ రెండు గంటల పరీక్ష, కొద్ది ఫీజు, తేలిగ్గా పాసయ్యేది కావడంతో అందరి దగ్గరా ఉంటుంది. గేటు దాటిస్తుంది, రేటు పెంచదు. రేటు పెరగాలంటే పట్టికలో పేరు ఉండాలి, ఆ పేరు ఉన్నవాళ్లు తక్కువగానూ ఉండాలి.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పీఎంపీ కథ కూడా టీపీఐ లాంటిదే. గల్ఫ్ నిర్మాణ టెండర్లలో, ఐటీ సర్వీసు ఒప్పందాల్లో ప్రాజెక్టు మేనేజరు వరసలో ఆ పేరు రాస్తారు కాబట్టి కంపెనీలు దానికి ఫీజు కూడా కడతాయి. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాడు 36 నెలలు, లేనివాడు 60 నెలలు ప్రాజెక్టు నడిపిన అనుభవం చూపాలి. దరఖాస్తును పీఎంఐ ఆడిట్‌కు పిలిచే అవకాశం ఉంది, అప్పుడు పాత మేనేజర్ల చేత సంతకాలు చేయించి పంపాలి. అనుభవం లేనివాళ్ల కోసం పెట్టిన సీఏపీఎం చదువుకోవడానికి బాగుంటుంది, కానీ టెండరు పట్టికల్లో దాని పేరు కనిపించడం అరుదు.

మళ్లీ విశాఖకు వద్దాం. మెకానికల్ డిప్లొమా చేసి, ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ షాపులో రెండేళ్లుగా క్యూసీ అసిస్టెంటుగా ఉన్న ఒక కుర్రాణ్ని ఊహించుకుందాం. చేతిలో లక్షన్నర ఉంది. ప్యాకేజీకి లక్షా ఇరవై వేలు అడిగారు. అతను ఆ డబ్బు ఏం చేయాలి?

మొదట కళ్ల పరీక్ష. తర్వాత తన రెండేళ్లలో నిజంగా ఏం చేశాడో కాగితం మీద పెట్టాలి. ఫిటప్ చూశాడా, వెల్డింగ్ అయ్యాక విజువల్ చేశాడా, డీపీ టెస్టులో సాయం చేశాడా, ఎన్ని గంటలు? షాపుకు పరీక్షలు పెట్టే లెవెల్ 3 ఉంటే, ఆ కంపెనీ రిటెన్ ప్రాక్టీస్ కింద పీటీ, ఎంటీ లెవెల్ 2కి పరీక్ష పెట్టమని యజమానిని అడగాలి. గంటలు రికార్డులో ఉంటాయి, ఖర్చు తక్కువ. ఆ తర్వాత యూటీ చేసే ఎన్‌డీటీ ఏజెన్సీలో, జీతం వెయ్యో రెండు వేలో తగ్గినా, చేరడం మంచిది. ఏడెనిమిది నెలల్లో 840 గంటల లెక్క నిజంగా పూర్తవుతుంది. రిఫైనరీ షట్‌డౌన్లు దొరికితే ఇంకా ముందే కావచ్చు, అప్పుడు రోజుకు పన్నెండు గంటల పని నడుస్తుంది. అప్పటికి అతనికి ఇన్‌స్పెక్షన్ పనిలో మూడేళ్లు దగ్గరపడతాయి. ప్యాకేజీలో పోయే డబ్బును దాచిపెట్టి సీస్విప్ 3.1 మీద పెట్టాల్సింది అప్పుడు. గ్రీన్ బెల్ట్ వద్దు, లీడ్ ఆడిటర్ వద్దు. పాత ప్లాంట్లలో నడుస్తున్న పైపింగ్, ట్యాంకులు తనిఖీ చేసే ఏపీఐ 570, 653 పరీక్షలు కూడా మంచి వరసలే. కానీ వాటికి అనుభవం ఇంకా కావాలి, ముప్పై దాటాక చూసుకోవచ్చు.

ఈ దారిలో అతను పోగొట్టుకునేది సుమారు ఏడాదిన్నర. ప్యాకేజీ తీసుకున్న స్నేహితుడు ఈలోపు విమానం ఎక్కేయవచ్చు కూడా, హెల్పరుగానో, క్యూసీ పేరుతో డాక్యుమెంట్లు సర్దే పనిలోనో. అక్కడికి వెళ్లాక తేడా బయటపడుతుంది. సౌదీ అరామ్‌కో లాంటి పెద్ద క్లయింట్లు కాంట్రాక్టరు పెట్టుకునే క్యూసీ ఇన్‌స్పెక్టర్ల సీవీలను తామే చూసి ఒప్పుకోవాలి, మనిషిని పిలిచి ప్రశ్నలు కూడా వేస్తారు. సర్టిఫికెట్ నంబరు ఆన్‌లైన్‌లో సరిచూసుకోవడం వాళ్లకు రెండు నిమిషాల పని.

అందుకే పాత షాపు వదిలేటప్పుడు తీసుకునే అనుభవ పత్రం మీద శ్రద్ధ పెట్టాలి. ‘క్యూసీలో పనిచేశాడు, నడవడిక మంచిది’ అన్న రెండు వాక్యాల లెటర్ ఎవరికీ అక్కరకు రాదు. ఏ కోడ్ కింద పని చేశాడు, ఏ మందం ప్లేట్లు, పైపులు చూశాడు, ఏ మెథడ్లలో ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాయించుకుని, ఫోన్ చేస్తే పలికే మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి. ఎందుకంటే క్లయింటు వేసే ప్రశ్న ఆ లెటర్లోంచే పుడుతుంది. పైపింగ్ బీ31.3 కింద చేశానని రాసుకున్నవాణ్ని, మామూలు సర్వీసు లైన్లో అండర్‌కట్ ఎంత లోతు వరకు ఒప్పుకుంటావని అడుగుతారు. ఒక మిల్లీమీటరు దాటకూడదు, గోడ మందంలో నాలుగో వంతూ దాటకూడదు. ఆరు మిల్లీమీటర్ల పైపుకైతే నాలుగో వంతు ఒకటిన్నర అవుతుంది కాబట్టి పరిమితి ఒక మిల్లీమీటరే. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, మరి మూడు మిల్లీమీటర్ల పైపుకో అని. గేజ్ పట్టుకుని పని చేసినవాడు ముప్పావు మిల్లీమీటరు అని తడుముకోకుండా చెబుతాడు.